తేదీ చెప్పని "చూద్దాం"

సభకు నమస్కారం.

పెళ్లిచూపులు అయిన తరువాత, తాంబూలాలు పుచ్చుకునే లోపు దొరికే ఆరేడు వారాల గురించి మాత్రమే ఈ సాయంత్రం మాట్లాడతాను. మన కోనసీమలోనూ, గోదావరికి అటు పాలకొల్లు, భీమవరం వైపునా ఇప్పుడు చాలా ఇళ్లలో పెద్దలు ఆ వ్యవధిలో అమ్మాయినీ అబ్బాయినీ ఫోనులో మాట్లాడుకోనిస్తున్నారు. అవతలి మనిషి మనసు విప్పి మరొకరిని దగ్గరకు రానివ్వగలడా, లేదా అన్నది ఆ మాటల్లోనే చాలావరకు బయటపడుతుంది. అయితే మనం సాధారణంగా బాగా గడిచిన రోజులను చూసి మురిసిపోతాం. చూడవలసింది ఆ మంచిరోజు తరువాత వచ్చిన వారాన్ని.

కౌన్సెలింగ్ కోసం నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి అనుభవాన్ని, ఆమె అనుమతితో, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతాను. ఆమె పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో ఉంటూ ఉద్యోగం చేస్తోంది. అబ్బాయిది రాజోలు వైపు, ఉద్యోగం హైదరాబాదులో. కార్తీకమాసంలో పెళ్లిచూపులు అయ్యాయి. మొదటి రెండు వారాలు అతను పొద్దున్నే పలకరించేవాడు, రాత్రి గంటసేపు మాట్లాడేవాడు. "ఈసారి వచ్చినప్పుడు కలుద్దాం, నీతో చాలా మాట్లాడాలి" అని అయిదుసార్లు అన్నాడు. అయిదుసార్లలో ఒక్కసారి కూడా ఏ రోజు, ఎన్నింటికి అన్నది అతని నోట రాలేదు. చివరికి ఆమే ఒక ఆదివారం ఖాయం చేసి, చించినాడ వంతెన దాటి దిండి వెళ్లి అతన్ని కలుసుకుంది.

ఆ రోజు చాలా బాగా గడిచింది. ఏడేళ్ల వయసు నుంచీ తాను హాస్టల్లోనే పెరిగానని, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే వార్డెను నవ్వేవాడని, తరువాత ఎవరికీ ఏదీ చెప్పుకోవడం మానేశానని వశిష్ఠ గోదావరి ఒడ్డున కూర్చుని అతను చెప్పాడు. ఆమె కూడా తన తండ్రికి చేపల చెరువుల్లో వచ్చిన నష్టం గురించి, ఆ అప్పు గురించి చెప్పబోయింది. "అవన్నీ ఇప్పుడెందుకులే, అన్నం తిన్నావా?" అని అతను మాట మార్చాడు. ఆ తరువాత తొమ్మిది రోజులు ఫోను లేదు. మధ్యలో ఒకసారి "బిజీ" అన్న ఒక్క మాట వచ్చింది. పదో రోజున ఏమీ జరగనట్టు "హాయ్, ఏం చేస్తున్నావ్?" అని, పక్కన ఒక నవ్వు బొమ్మ.

ఆ తొమ్మిది రోజులూ తానేం తప్పు చేశానా అని ఆమె ప్రతి మాటనూ వెనక్కి తిప్పుకుని చూసుకుంది. నిజానికి ఆమె తప్పేమీ లేదు. దగ్గరితనమే అతన్ని భయపెట్టింది. దీన్ని అర్థం చేసుకోవడానికి 1970లలో మేరీ ఎయిన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పసిపిల్లల మీద చేసిన పరిశీలనలు ఉపయోగపడతాయి. తల్లి కాసేపు గదిలోంచి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు కొందరు పిల్లలు ఆమె వైపు చూడకుండా బొమ్మలతో ఆడుకుంటూ ఉండిపోయారు. పైకి వాళ్లకు ఏమీ పట్టనట్టే కనిపించింది. తరువాతి పరిశోధకులు అలాంటి పిల్లల గుండె వేగాన్ని కొలిచినప్పుడు లోపలి అలజడి బయటపడింది. అడిగినా దొరకదని నేర్చుకున్న బిడ్డ అడగడం మానేస్తుంది. 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఆలోచనను పెద్దవాళ్ల ప్రేమ సంబంధాలకు వర్తింపజేశారు. కాబట్టి దిండిలో ఆ అబ్బాయి నటించలేదు. అతను చెప్పినదంతా నిజమే. ఆ నిజం చెప్పుకున్నందుకే వెనక్కి తగ్గాడు.

మరి ఆమె ఎందుకు వదులుకోలేకపోయింది? 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో దీనికి కొంత జవాబుంది. మీటను పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు ఆగిపోతే త్వరలోనే పొడవడం మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు మాత్రమే గింజ దొరికిన పావురం చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. తొమ్మిది రోజుల మౌనం తరువాత వచ్చిన ఒక "హాయ్" ఆమెకు అంత తియ్యగా అనిపించడానికి కారణం ఇదే. ఆ తీపిని ప్రేమ లోతుకు కొలమానంగా తీసుకోవద్దని నా మనవి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తీరిక లేని మనిషి వేరు, మనసుకు అందని మనిషి వేరు. మన డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేస్తారు. కానీ ఎప్పుడు కడతారో, మళ్లీ నీళ్లు ఎప్పుడు వదులుతారో ముందే చెబుతారు, రైతు దాన్నిబట్టి నారుమడి చూసుకుంటాడు. రొయ్యల చెరువు పట్టుబడి ఉన్నవాడైనా, నెలాఖరు లెక్కల్లో మునిగినవాడైనా, మనసున్నవాడు "గురువారం దాకా కుదరదు, శుక్రవారం రాత్రి చేస్తాను" అంటాడు, చేస్తాడు. మితభాషి కూడా అంతే. తక్కువ మాట్లాడతాడు, కానీ అడిగినదానికి రెండు మాటల్లోనైనా సూటిగా జవాబిస్తాడు. ఇంట్లో ఎవరైనా పోయిన దుఃఖంలోనో, దిగులు జబ్బుతోనో ఉన్నవాళ్లు కూడా దూరంగా కనిపిస్తారు కనుక ఒక్క వారాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. బెదిరింపు, నిఘా, అవమానం ఉన్నచోట ఈ పరీక్షలేవీ అక్కరలేదు. అది హింస, వెంటనే పెద్దలకు చెప్పాలి.

ఆ అమ్మాయికి నేను రెండు పనులు చెప్పాను. మొదటిది, చిన్న నోటుపుస్తకంలో పెళ్లిచూపుల నాటి నుంచీ తేదీ, ఎవరు ముందు ఫోను చేశారు, ఏం ఖాయమైంది అని మాత్రమే రాయడం. తన బాధగానీ ఊహలుగానీ అందులో రాయవద్దన్నాను, ఎందుకంటే దిగులు పడే స్వభావం ఉన్నవారికి లేని దూరం కూడా కనిపిస్తుంది. రెండవది, రోజు, సమయం, విషయం మూడూ ఉన్న ఒక విన్నపం చేయడం. ఆమె ఇలా రాసింది: "శనివారం రాత్రి ఎనిమిదింటికి అరగంట మాట్లాడుకుందాం. పెళ్లయ్యాక నా ఉద్యోగం సంగతి తేల్చుకోవాలి. ఆ సమయం కుదరకపోతే మీకు కుదిరేది చెప్పండి." మొదటిసారి "సరే" అన్నాడు, ఆ శనివారం ఫోను రాలేదు. మరుసటి వారం మళ్లీ అడిగితే "చూద్దాంలే, ఇప్పుడే ఇంత సీరియస్ ఎందుకు?" అన్నాడు. మూడోసారి అడిగిన నాలుగు రోజులకు కొరియరులో ఒక పట్టుచీర వచ్చింది. ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు.

మూడుసార్లు అడగడం ఎందుకంటే, ఒకటి మరుపు కావచ్చు, రెండోది ఇబ్బంది కావచ్చు. "నాకు ఇలాంటి మాటలు కష్టం, రెండు రోజులు టైమివ్వు" అని ఒక్క మాట అతని నుంచి వచ్చి ఉంటే, ఆగి చూడమనే నేను చెప్పేదాన్ని. తన కష్టం తనకు తెలిసి, దాన్ని చెప్పగలిగినవారు మారడం నేను చూశాను.

ఇంట్లో "మగపిల్లాడు, అలాగే ఉంటారు, పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. ఆమె వాదించలేదు. ఒక రాత్రి భోజనాలయ్యాక తండ్రి చేతికి ఆ నోటుపుస్తకం ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఏడు వారాలూ వరసగా చదివారు, దిండి తరువాతి పేజీ దగ్గర ఆగారు. "ఈ తొమ్మిది రోజులూ నువ్వు సరిగ్గా అన్నం తిన్నావా తల్లీ?" అని అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. తెల్లారాక మధ్యవర్తికి ఫోను చేసి తాంబూలాలు ఆపమన్నారు.