నాలుగు విజిల్స్ అంటే ఎన్ని నిమిషాలు? ఎలక్ట్రిక్ మల్టీకుక్కర్ రివ్యూ

హాయ్ అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఆరు లీటర్ల మల్టీకుక్కర్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపిందే. డబ్బులేం ఇవ్వలేదు, కాబట్టి తిట్టాల్సిన చోట తిడతాను. వాట్స్ ఎన్ని, బటన్లు ఎన్ని అన్నది మీరు ఈపాటికి చూసేసే ఉంటారు, అది వదిలేద్దాం.

నా మొదటి గొడవ విజిల్ గురించి. మనింట్లో ఏ వంటకైనా కొలత విజిలే కదా! అమ్మకి ఫోన్ చేసి పప్పు ఎంతసేపు అంటే "నాలుగు విజిల్స్ రానియ్యి" అంటుందే కానీ నిమిషాలు చెప్పదు. ఇదేమో కూత వెయ్యదు. లోపల ప్రెషర్ చేరగానే హీటర్ తనంతట తాను తగ్గిపోతుంది, ఆవిరి బయటికి పోదు, ఆ తర్వాతే టైమర్ కౌంట్ మొదలవుతుంది. దీంతో వచ్చిన బుక్‌లో అన్నీ సూపులు, స్ట్యూలు. మన పప్పు ఊసే లేదు.

నేను వేసుకునే లెక్క చెప్తా, రాసుకోండి. మొదటి విజిల్‌ని వదిలెయ్యండి, అది ప్రెషర్ చేరిందన్న గుర్తు మాత్రమే. ఆ తర్వాత మీడియం మంట మీద విజిల్‌కీ విజిల్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంటే నాలుగు విజిల్స్‌కి ఏడెనిమిది నిమిషాలు. స్టవ్ కుక్కర్ లోపల దాదాపు 120 డిగ్రీల వేడి ఉంటుంది, ఈ ఎలక్ట్రిక్ వాటిలో చాలావరకు అంతకంటే కొంచెం తక్కువ ప్రెషర్‌లో నడుస్తాయి, అందుకని ఇంకో పావు వంతు కలపండి. అలా పది నిమిషాలు.

ముప్పావు కప్పు కందిపప్పు, రెండు కప్పుల నీళ్లు, పసుపు, చుక్క నూనె వేసి హై ప్రెషర్‌లో పది నిమిషాలు పెట్టా. అయ్యాక మూత జోలికి పోకుండా ఇంకో పది నిమిషాలు వదిలేశా, ఆ వేడికి కూడా పప్పు ఉడుకుతూనే ఉంటుంది. వెంటనే ఆవిరి వదిలితే పప్పు నురగ వాల్వ్‌లోంచి చిమ్ముతుంది, పప్పేమో పలుకుగా ఉంటుంది. చింతపండు తర్వాతే, పులుపు ముందే పడితే పప్పు మెత్తబడదు. వేడెక్కడానికి పట్టే టైమ్ కూడా కలిపితే మొత్తం అరగంట. అంటే స్టవ్ కంటే ఫాస్టేం కాదండీ, కాకపోతే దాని దగ్గర నిలబడక్కర్లేదు, అంతే.

అన్నం విషయానికొస్తే, నా పాత వన్ టచ్ రైస్ కుక్కర్ నీళ్లు అయిపోయి గిన్నె అడుగు వేడెక్కితే టక్కుమని ఆగేది, పాపం దానికి టైమ్‌తో పనిలేదు. ఇందులో రైస్ ప్రోగ్రామ్ ప్రెషర్‌లో నడుస్తుంది, ఆవిరి పోదు కాబట్టి నీళ్లు తగ్గించాలి. సోనా మసూరికి స్టవ్ మీద కప్పుకి రెండు పోసేవాళ్లైతే ఇక్కడ ఒకటిన్నర చాలు. కొత్త బియ్యమైతే ఇంకాస్త తగ్గించండి. రాజ్మా మాత్రం స్లో కుక్ బటన్‌లో అస్సలు వద్దు, ఆ వేడికి అందులోని విషపదార్థం పోదు. రాత్రంతా నానబెట్టి ప్రెషర్‌లోనే, అరగంట.

ఇక పెరుగు! అసలు నేను దీనికి పడిపోయింది ఇక్కడే. బెంగళూరులో డిసెంబర్ వస్తే రాత్రి తోడేసిన పాలు పొద్దున కూడా పాలలాగే ఉంటాయి, దుప్పటి చుట్టినా, స్టవ్ పక్కన పెట్టినా అంతే. యోగర్ట్ ప్రోగ్రామ్ గిన్నెని 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంచుతుంది. కాచిన లీటరు పాలు వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, రెండు స్పూన్ల పెరుగు కలిపి ఏడెనిమిది గంటలు వదిలేస్తే కత్తితో కోసేలా తోడుకుంటుంది. కీప్ వార్మ్ బటన్ దీనికి పనికొస్తుందనుకోకండి, ఆ వేడికి తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

కానీ ఆ మూత లోపలి రబ్బరు రింగ్ ఉంది చూశారూ, ఒళ్లు మండిపోతుంది నాకు. ఒక్కసారి సాంబారు వండితే ఆ వాసన పట్టుకుని వదలదు. సబ్బుతో కడిగా, నిమ్మకాయ రుద్దా, ఎండలో పెట్టా, అయినా పెరుగులో ఇంగువ వాసనే. పెరుగుకి ప్రెషర్ అక్కర్లేదు కదా, ఇప్పుడు ఆ మూత పక్కన పడేసి స్టీల్ ప్లేట్ మూస్తున్నా. ఇంత రేటు పెట్టే మెషిన్‌లో రెండో రింగ్ ఇవ్వడానికి ఏం పోయింది అసలు?

ఇడ్లీకి వాల్వ్ తెరిచి ఉంచాలి, అప్పుడు ప్రెషర్ రాదు, టైమర్ కదలదు. ఆవిరి వచ్చాక ఫోన్‌లో పన్నెండు నిమిషాలు పెట్టుకోండి. ఉడుకుతాయి, బాగానే వస్తాయి. ఇడ్లీ పాత్ర ఉన్నవాళ్లు దానికోసం ఇది కొనక్కర్లేదు. చలికాలం పెరుగు తోడుకోక విసిగిపోయినవాళ్లు మాత్రం ఆఫర్ పడితే తీసుకోండి, రింగ్ ఇంకోటి కూడా అప్పుడే ఆర్డర్ పెట్టుకోండి.