రైళ్లే లేకపోయి ఉంటే? ఒక ఊహ సాక్ష్యంగా ఎలా నిలుస్తుంది

[తెరపై: 1890 నాటి అమెరికా పటం. నల్లటి రైలు గీతలు ఒక్కొక్కటిగా చెరిగిపోతాయి. నదులు, సరస్సులు, కాలువలు మాత్రం నీలంగా మిగులుతాయి.]

"రైలు లేకపోతే అమెరికా అంత ఎదిగేదే కాదు." ఈ మాట వినగానే తల ఊపేస్తాం. కానీ రైళ్లు లేని 1890 నాటి అమెరికాను చూసినవాళ్లు ఎవరూ లేరు. అసలు జరగనిదాని గురించి అంత గట్టిగా ఎలా చెప్తున్నాం?

పోనీ, "రైలు వల్లే ఎదిగింది" అని మాట మార్చి చెప్పినా తప్పించుకోలేం. "వల్లే" అన్న ఆ ఒక్క మాటలోనే "అది లేకపోతే ఇది ఉండేది కాదు" అన్న ఊహ దాక్కుని ఉంది. తత్వశాస్త్రంలో దీన్ని కౌంటర్‌ఫ్యాక్చువల్ అంటారు. జరిగినదానికి విరుద్ధంగా ఒకటి అనుకుని, దాని నుంచి ఏం వచ్చేదో తేల్చడం.

1964లో రాబర్ట్ ఫోగెల్ అనే ఆర్థిక చరిత్రకారుడు ఈ దాగిన ఊహను బయటికి లాగి, డాలర్లలో లెక్క కట్టాడు. ఆయనకు 1993లో డగ్లస్ నార్త్‌తో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ లెక్కనే ఈరోజు విప్పి చూద్దాం. అది ఎక్కడ గట్టిగా నిలబడిందో, ఎక్కడ దెబ్బ తిన్నదో చూస్తే, ఊహ ఎప్పుడు సాక్ష్యమవుతుందో తెలుస్తుంది.

[తెరపై: నాలుగు బొమ్మలు: గోధుమ, మొక్కజొన్న, పంది మాంసం, గొడ్డు మాంసం. షికాగో వైపు నుంచి తూర్పు తీరానికి బాణం.]

ఫోగెల్ ముందుగా ప్రశ్నను కుదించాడు. "అమెరికా ఎలా ఉండేది" అని అడిగితే జవాబుకు అంతు ఉండదు. అందుకే ఒక్క ఏడాది తీసుకున్నాడు: 1890. సరుకులు నాలుగే తీసుకున్నాడు. మధ్య పశ్చిమ ప్రాంతంలోని పెద్ద మార్కెట్ల నుంచి తూర్పు, దక్షిణ ప్రాంతాలకు వెళ్లిన సరుకు ఇది. రైళ్లను తీసేసి, అదే సరుకును, అన్నే టన్నులు, అవే ఊళ్లకు పడవల మీద, బండ్ల మీద చేర్చాలంటే అదనంగా ఎంత ఖర్చయ్యేదని అడిగాడు. ఆ అదనపు ఖర్చుకు ఆయన పెట్టిన పేరు సామాజిక ఆదా. అంటే రైలు దేశానికి మిగిల్చిన సొమ్ము.

"అన్నే టన్నులు, అవే ఊళ్లకు" అన్న చోట కాసేపు ఆగుదాం. రైళ్లు నిజంగా లేకపోతే వ్యాపారులు చేతులు ముడుచుకుని కూర్చోరు కదా. దూరానికి తక్కువ పంపేవారు, నీటికి దగ్గరగా పండించేవారు, అలా ఖర్చు తగ్గించుకునేవారు. ఆ సర్దుబాట్లన్నీ ఫోగెల్ కావాలనే వదిలేశాడు. దానివల్ల నష్టం ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. రైలు తప్పనిసరి కాదని చెప్పదలచినవాడు, లెక్కను రైలు వైపే మొగ్గనిచ్చాడన్నమాట. అయినా నష్టం చిన్నదిగానే తేలితే, ఎదుటివాళ్లకు చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

[తెరపై: ఖాళీ పట్టిక. అంకెలు ఒక్కో వరుసగా పడతాయి.]

మొదటి వరుస. రవాణా చార్జీలు మాత్రమే పోల్చితే సామాజిక ఆదా మైనస్ 3.8 కోట్ల డాలర్లు వచ్చింది! అంటే నీటి మీద పంపడమే చవక. మరి వ్యాపారులు రైలునే ఎందుకు ఎంచుకున్నారు? పడవ బిల్లులో కనిపించని ఖర్చులు ఉన్నాయి గనుక. ఫోగెల్ వాటిని ఒక్కొక్కటే వెతికి పట్టాడు.

దారిలో మునిగి, తడిసి పోయే సరుకు: 60 లక్షలు. ఒక వాహనం నుంచి ఇంకో వాహనానికి దించి ఎక్కించే ఖర్చు: 1.6 కోట్లు. రేవు లేని ఊళ్లకు బండ్ల మీద తోలడానికి: 2.3 కోట్లు. కాలువలకు ప్రభుత్వం పెట్టిన పెట్టుబడి చార్జీలో కనిపించదు కాబట్టి దానికి 1.8 కోట్లు.

ఇక అన్నిటికంటే పెద్దది: పడవ నెమ్మది, పైగా శీతాకాలంలో సుమారు 5 నెలలు కాలువలు, సరస్సులు గడ్డకట్టుకుపోతాయి. ఈ ఆలస్యానికి వెల కట్టేదెలా? ఈ అడుగు నాకు ఈ లెక్కంతటిలోనూ అందమైనదిగా అనిపిస్తుంది. పడవలు ఆగిపోతాయని ముందే తెలిసిన తూర్పు తీరపు వ్యాపారి ఏం చేస్తాడు? మంచు పడకముందే సరుకు తెప్పించి గోదాముల్లో నింపుకుంటాడు. అలాంటప్పుడు ఆలస్యం వెల అంటే, ఆ నిల్వలో ఇరుక్కుపోయిన డబ్బు మీద వడ్డీ, గోదాము అద్దె. రెండూ ఆ కాలపు లెక్కల్లో దొరికేవే. అలా వచ్చింది 4.8 కోట్లు.

[తెరపై: మొత్తం: 7.3 కోట్ల డాలర్లు.]

అన్నీ కలిపి, మైనస్ పోను, 7.3 కోట్ల డాలర్లు. ఆ ఏడాది అమెరికా జాతీయోత్పత్తి సుమారు 1,200 కోట్ల డాలర్లు. అంటే 0.6 శాతం.

ఇది దూరప్రాంతాల మధ్య రవాణా మాత్రమే. పొలం నుంచి మొదటి మార్కెట్ దాకా వచ్చే దారి సంగతి వేరు, అక్కడే రైలు అసలు బలం. ఒక టన్ను సరుకును ఒక మైలు మోయడానికి గుర్రపు బండికి సుమారు 16 సెంట్లు పడితే, నీటి మీద ఒక్క సెంటు కూడా పట్టదు. అందుకే రైళ్లు లేకపోతే నీటి దారికి దాదాపు 40 మైళ్లు దాటిన పొలంలో పండించినది బండి కిరాయికే సరిపోతుంది. అలాంటి భూమి ఎంతుందో చూసి, ఫోగెల్ మన జిల్లాల్లాంటి కౌంటీల వారీగా లెక్క కట్టాడు. ఇంకో మెట్టు ఎక్కి, రైళ్లు లేకపోతే కట్టదగిన 37 కాలువలను కూడా, మొత్తం సుమారు 5,000 మైళ్ల పొడవున, పటం మీద గీశాడు. దూర రవాణా, పొలం దారి రెండూ కలిపినా వ్యవసాయ సరుకు విషయంలో రైళ్లు లేని నష్టం జాతీయోత్పత్తిలో 3 శాతం లోపే అని తేల్చాడు.

[తెరపై: అగ్గిపుల్ల. గీస్తే వెలుగుతుంది. తడిసిన అగ్గిపుల్ల, గీస్తే వెలగదు.]

ఇప్పుడు లోపాలకు వద్దాం. 1947లో నెల్సన్ గుడ్‌మన్ అనే తత్వవేత్త ఒక చిన్న ఉదాహరణతో పెద్ద చిక్కు చూపించాడు. "ఈ అగ్గిపుల్లను గీసి ఉంటే వెలిగేది" అంటాం. అలా అంటూ పుల్ల పొడిగానే ఉందని, గాలి ఉందని మనసులో అలాగే ఉంచుకుంటాం. కానీ వెలగలేదన్నది కూడా ఈ లోకపు నిజమే. దాన్ని అలాగే ఉంచితే "గీసి ఉంటే పుల్ల పొడిగా ఉండేది కాదు" అని తేలుతుంది! ఊహను మొదలుపెట్టినప్పుడు వేటిని కదిలించకూడదు, వేటిని కదలనివ్వాలి? కౌంటర్‌ఫ్యాక్చువల్ వాదన ఎక్కువగా విరిగేది ఇక్కడే.

ఫోగెల్ కదలకుండా ఉంచిన వాటిలో పడవ చార్జీ ఒకటి. ఆ చార్జీ 1890లో నిజంగా వసూలైనదే. కానీ అది రైళ్లు పక్కనే ఉండి, చాలా సరుకు వాటి మీద పోతున్న లోకంలోని చార్జీ. రైళ్ల సరుకంతా కాలువల మీదికి వచ్చి పడితే లాకుల దగ్గర పడవలు బారులు తీరవా? రైలు పోటీ లేకపోతే పడవ కంపెనీలు రేటు పెంచవా? విమర్శకులు సరిగ్గా ఇదే పట్టుకున్నారు. దీనికి జవాబు ఊహలో దొరకదు. కాలువలకు ఇంకెంత సరుకు మోసే సత్తా ఉందో కొలవాలి.

రెండో దెబ్బ మరీ లోతైనది. 1978లో జాన్ ఎల్‌స్టర్ అనే తత్వవేత్త దీన్ని చూపించాడు. రైళ్లు లేకపోతే మోటారు వాహనాలు ఇంకా ముందే వచ్చేవేమో అని కూడా ఫోగెల్ అన్నాడు. అలా అనాలంటే, అప్పటి ఇంజనీరింగ్ జ్ఞానం నుంచి ఏ యంత్రం పుడుతుందో చెప్పే సిద్ధాంతం ఒకటి కావాలి. అంత బలమైన సిద్ధాంతం చేతిలో ఉంటే, అదే జ్ఞానం నుంచి రైలు కూడా పుట్టి తీరుతుందని అది చెప్పదా? అప్పుడు "రైళ్లు లేకపోతే" అన్న మొదటి మాటే కూలిపోతుంది. సిద్ధాంతం బలహీనమైతే మోటారు సంగతి చెప్పలేం, బలమైతే రైళ్లను తీసేయలేం.

[తెరపై: ఒక పెద్ద రాయి, ఒక చిన్న రాయి, తాడుతో కట్టి ఉంటాయి.]

ఎల్‌స్టర్ కొత్త లెక్కలేవీ తేలేదు. గెలీలియో చేసిందీ ఇలాంటిదే. బరువైన రాయి వేగంగా పడుతుందంటే, దానికి తేలిక రాయి కట్టినప్పుడు తేలికది వెనక్కి లాగాలి, కానీ రెండూ కలిస్తే బరువు పెరిగింది కాబట్టి ఇంకా వేగంగానూ పడాలి. ఒకే నమ్మకం రెండు పొసగని జవాబులిచ్చింది. సిద్ధాంతం లోపల పొసగనిది చూపడానికి ఆలోచనా ప్రయోగం చాలు. "ఎంత" అన్నది తేల్చడానికి చాలదు, దానికి కొలతలు తప్పవు. రెండిటినీ కలగాపులగం చేసే వాదనలు చాలా కనిపిస్తాయి.

కొలతల మీద 2016లో డేవ్ డొనాల్డ్‌సన్, రిచర్డ్ హార్న్‌బెక్ అనే ఆర్థికవేత్తలు మళ్లీ పని చేశారు. ప్రతి కౌంటీకి మిగతా మార్కెట్లన్నీ ఎంత చవకగా అందుబాటులో ఉన్నాయో లెక్కించి, రైళ్లు తీసేస్తే అమెరికా వ్యవసాయ భూమి విలువ 60 శాతం పడిపోయేదని తేల్చారు. ఏటేటా నష్టంగా మార్చితే అది జాతీయోత్పత్తిలో 3 శాతం పైచిలుకు, ఫోగెల్ అంకె కంటే కొంచెమే ఎక్కువ. కానీ ఆయన గీసిన కాలువలు ఈ నష్టాన్ని పెద్దగా పూడ్చలేవని కూడా తేలింది. మొత్తం అంకె నిలబడింది, ప్రత్యామ్నాయం మీద ఆశ నిలబడలేదు.

[తెరపై: గోదావరి డెల్టా కాలువలు, లాకుల దగ్గర పడవలు. తర్వాత దక్కన్ పీఠభూమి, ఎద్దుబండి.]

ఈ వాదన మనకు కొత్తది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్, ఇండియాకు రైళ్ల కంటే పడవలు నడిచే కాలువలే చవకని చాలా గట్టిగా వాదించాడు. డెల్టాలో ఆ మాటకు బలముంది. పీఠభూమి మీద రైలుకు బదులు మిగిలేది ఎద్దుబండే. కాబట్టి "రైళ్లు లేకపోతే" అన్న ప్రశ్నకు కాకినాడలో వచ్చే జవాబు కర్నూలులో రాదు.

ఇండియా విషయంలో డొనాల్డ్‌సన్ 2018లో అచ్చయిన పరిశోధనలో ఇంకో దారి పట్టాడు. రైలు వచ్చిన జిల్లాల్లో వాస్తవ వ్యవసాయ ఆదాయం సుమారు 16 శాతం పెరిగిందని కనుక్కున్నాడు. వెంటనే ఒక అనుమానం వస్తుంది: ఎలాగూ ఎదిగే జిల్లాలకే బ్రిటిష్ వాళ్లు రైలు వేసి ఉండొచ్చు కదా? దాన్ని పరీక్షించడానికి ఆయన, ప్రణాళికలో చేరి, చివరికి కట్టకుండా వదిలేసిన మార్గాలను తీసుకున్నాడు. ఎదుగుదల ముందే రాసిపెట్టి ఉంటే, రైలు రాకపోయినా ఆ జిల్లాల్లోనూ ఆదాయం పెరిగి ఉండాలి.

[తెరపై: పటం మీద చుక్కల గీతలు, కట్టని మార్గాలు. ఆదాయపు గీత అడ్డంగా సాగుతుంది.]

ఆ జిల్లాల్లో అలాంటి పెరుగుదలేమీ కనిపించలేదు.