‘ఆదాయం’ కష్టమైన మాట కాదు: సర్కారు ఫారాన్ని తేలిక తెలుగులో రాయడం

[తెరపై: ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు. ఒక్క వరుస మాత్రం పసుపు రంగులో.]

నమస్కారం. ఈ వరుస చూడండి. ‘కుటుంబ వార్షిక ఆదాయము (అన్ని వనరుల నుండి)’. పక్కన ఒక ఖాళీ గడి. ఇవాళ్టి వీడియో దాదాపుగా ఈ ఒక్క గడి గురించే.

పెద్దగా చదువుకోని వాళ్ల కోసం ఫారాలను తేలిక తెలుగులోకి మార్చామని కొందరు నాకు పంపుతుంటారు. తెరిచి చూస్తే ‘వార్షిక’ తీసి ‘ఏడాది’ పెట్టి ఉంటుంది, ‘ఆదాయము’ తీసి ‘రాబడి’ పెట్టి ఉంటుంది. అంతే, పని అయిపోయిందనుకుంటారు. నాకు బాధ కలిగేది ఇక్కడే. మాట మారిస్తే ఫారం తేలికవుతుందన్న నమ్మకం ఎంత చెప్పినా పోవడం లేదు.

అసలు ఆదాయం కష్టమైన మాట అని ఎవరన్నారు? ఉగాది నాడు గుడి దగ్గర పంచాంగం చదువుతుంటే కూర్చుని వినే వాళ్లలో బడి ముఖం చూడని వాళ్లు ఎంతమంది ఉంటారు! మీ రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చెబితే ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది. రెండు అంకెలు కలిపి చూసుకుని ఈ ఏడు పర్వాలేదు, ఈ ఏడు కష్టమే అనుకుంటూ ఇంటికి వెళతారు. ఆ మాట వాళ్లకు కొత్త కాదు.

చిక్కు ఏమిటంటే, పంచాంగంలో ఆదాయం పక్కనే వ్యయం ఉంటుంది. ఫారంలో వ్యయానికి గడి లేదు.

ఈ వరుసను నేనొకసారి ఒకామెకు చూపించాను. కూలి పనికి వెళతారు, ఎకరం కౌలుకు చేస్తున్నారు, రెండు గేదెలున్నాయి. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివారు. చదివాక నన్ను చూసి, ‘‘ఏం మిగిలింది సార్, సున్నా రాయండి’’ అన్నారు. అది అబద్ధం కాదు. ఖర్చులన్నీ మనసులోనే తీసేసి, మిగిలింది చెప్పారు. వ్యయానికి గడి లేదు కాబట్టి ఆ లెక్క ఆమే చేసేశారు. సున్నా అని రాసిన దరఖాస్తు తహసీల్దారు ఆఫీసుకు వెళితే ఏమవుతుంది? అసలు ఆదాయమే లేకుండా ఎలా బతుకుతున్నారని విచారణకు వచ్చినవాళ్లు అడుగుతారు. లేదంటే దరఖాస్తు తిరిగి వస్తుంది.

ఆ గడిలో నిజానికి నాలుగు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఎవరెవరి డబ్బు? ఏ ఏడాది? ఏవేవి లెక్కలోకి వస్తాయి? ఖర్చు తీసేయాలా, తీయకూడదా? ఫారం రాసినాయనకు ఈ నాలుగూ తెలుసు, అందుకే ఒక్క వరుసలో కుక్కేశారు. మన పని ఫారం పక్కన పెట్టుకునే ఒక సాయం కాగితంలో వాటిని మళ్లీ విడదీయడం.

[తెరపై: లెక్క కాగితం. ఒక్కో వరుసలో ఒక్కో ప్రశ్న.]

ఆమెతో కలిసి చేసిన లెక్క చూద్దాం. ‘ఏడాదికి ఎంత వస్తుంది?’ అని అడగలేదు. కూలి ఏడాది లెక్కన రాదు, పని ఉన్నప్పుడు వస్తుంది. అందుకే ‘పోయిన ఏడాది ఎన్ని రోజులు కూలికి వెళ్లారు? రోజుకు ఎంత ఇచ్చారు?’ అని రెండు వరుసలు పెట్టాం. నాట్లు, కలుపు, పత్తి తీత, ఇలా పనుల పేర్లు చెబుతూ వేళ్ల మీద లెక్కపెట్టి 90 రోజులు, రోజుకు 400 అన్నారు. అంటే 36,000. భర్తకు 100 రోజులు, రోజుకు 600, మొత్తం 60,000. పాలు 8 నెలలు పోశారు, నెలకు 3,000, అంటే 24,000. పత్తి అమ్మితే 60,000 వచ్చింది. అంతా కలిపితే 1,80,000. సున్నా అన్న మనిషే పావుగంటలో ఈ లెక్క చెప్పారు. లెక్క ఆమె తలలో ముందే ఉంది, ప్రశ్నే సరిగా లేదు.

ఇప్పుడు నాలుగో ప్రశ్న. ఆ పత్తికి విత్తనాలు, ఎరువులు, మందులు, కౌలు కలిపి 35,000 పెట్టారు. అది తీసేస్తే మొత్తం 1,45,000. తీయకపోతే 1,80,000. తెలంగాణ పల్లెల్లో రేషన్ కార్డుకు పెట్టిన హద్దు 1,50,000. ఒక అంకె హద్దుకు ఇవతల ఉంది, ఇంకొకటి అవతల ఉంది. పంచాంగంలో ఆదాయం పక్కన వ్యయం ఉంటుందని ఇందాక అన్నాను కదా, ఆ రెండో అంకె ఎక్కడ రాయాలన్న దాని మీద ఒక ఇంటి బియ్యం ఆధారపడవచ్చు.

తేలిక తెలుగు రాసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మంచి మనసుతో ‘ఖర్చులు తీసేసి రాయండి’ అనో, జాగ్రత్త కోసం ‘తీయకుండా రాయండి’ అనో సొంతంగా తేల్చేస్తారు. అది మన చేతిలో ఉన్న నిర్ణయం కాదు. ఫారంలో లేని నియమాన్ని మనం కల్పించకూడదు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని, అప్పుడే ఆ వరుస రాయాలి. జవాబు వచ్చేదాకా లెక్క కాగితంలో రెండు వరుసలూ ఉంచండి: ‘పంట అమ్మితే వచ్చింది’, ‘పంటకు పెట్టింది’. ఏది తీసుకోవాలో కౌంటర్ దగ్గర వాళ్లు చెబుతారు. కనీసం అంకె పోదు.

‘ఎవరెవరి డబ్బు’ అన్నదీ ఇలాంటిదే. కుటుంబం అంటే ఎవరు? పెళ్లయి వేరుపడ్డ కొడుకు అదే ఇంట్లో పక్క గదిలో ఉంటాడు. ఆమె దృష్టిలో అతను కుటుంబమే. జనాభా లెక్కల్లో అయితే సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో తినేవాళ్లను ఒక ఇల్లుగా రాసుకుంటారు. అది మన వాళ్లకు సులువుగా అర్థమవుతుంది, ‘ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లు’ అంటే చాలు. కానీ ఈ ఫారానికి పొయ్యి లెక్కా, రేషన్ కార్డులో పేర్ల లెక్కా? దీన్ని కూడా అడిగే రాయాలి.

ఇక మాటల విషయం. ఏ మాట తేలిక అన్నది పుస్తకం చూసి తేల్చకండి. అర్జీ, రసీదు, పట్టా, జామీను బయటి నుంచి వచ్చిన మాటలే, కానీ బడికి వెళ్లనివాళ్లు కూడా రోజూ వాడతారు. ‘ఇన్‌కమ్ సర్టిఫికెట్’ అంటే తెలుస్తుంది, ‘ఆదాయ ధ్రువీకరణ పత్రము’ అంటే ఆగిపోతారు. తేలిక తెలుగు అంటే అచ్చ తెలుగు అనుకుని ఫోన్ నంబరును కూడా మార్చేసేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయవద్దు.

మాటకన్నా వాక్యం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చివర్లో ఉండే హామీ వాక్యం చూడండి.

[తెరపై: ‘పైన తెలిపిన వివరములు నాకు తెలిసినంతవరకు వాస్తవమని, అసత్యమని తేలినచో చట్టరీత్యా చర్యలకు బాధ్యుడనని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.’]

తెలుగులో క్రియ చివర వస్తుంది. కూడబలుక్కుని చదివే మనిషి ఆ చివరి మాట దగ్గరికి చేరేసరికి మొదలు మర్చిపోతారు. పైగా ‘బాధ్యుడను’ అని ఒక స్త్రీ చేత సంతకం పెట్టిస్తున్నాం. మేం ఇలా విడదీశాం: ‘పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం. ఇవి అబద్ధమని తేలితే, చట్టం ప్రకారం నా మీద చర్య తీసుకోవచ్చు. దానికి బాధ్యత నాదే.’ మూడు వాక్యాలు, మూడు వరుసలు. రెండోది భయపెడుతుందని ఒకరు తీసేయమన్నారు. తీయలేదు. సంతకం పెట్టే మనిషికి ఆ సంతకం బరువు తెలియాలి.

పాత వాక్యం అసలు ఫారంలో అలాగే ఉంటుంది, దాన్ని మార్చే హక్కు మనకు లేదు. అందుకే మన కాగితం పైన పెద్ద అక్షరాలతో ‘ఇది సాయం కాగితం. ఆఫీసులో ఇచ్చేది వేరే ఫారం’ అని ఉండాలి. అది లేకపోతే ఇదే నింపి కౌంటర్‌లో ఇచ్చేస్తారు.

ఈ తెలుగు కాగితంతో పాటు ఇంగ్లీషులోనూ ఒక కాగితం కావాలి. ఎవరికోసం? మీసేవ కౌంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి కోసం. ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగు మాట్లాడగలిగినా చదవలేని కూతురి కోసం. అందుకని ఇది తెలుగు కాగితానికి అనువాదంగా ఉంటే సరిపోదు, జోడీగా ఉండాలి. తెలుగులో 6వ వరుస పాల డబ్బు అయితే ఇంగ్లీషులోనూ 6వ వరుస అదే కావాలి. అమ్మ తెలుగు కాగితం మీద వేలు పెడితే, కూతురు తన కాగితంలో అదే అంకె చూడాలి. ఆ పక్కనే స్క్రీన్ మీద కనిపించే పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. స్క్రీన్ మీద Father/Husband Name అని ఉంటే మన కాగితంలోనూ అదే, ఇంకో మాట వద్దు. లక్షల్ని కూడా 1,80,000 అనే రాయాలి, 180,000 అని రాస్తే చదివేవాళ్లు తడబడతారు.

ఇంగ్లీషు ముందు రాసి తెలుగులోకి మార్చకండి. ‘నింపబడవలెను’ లాంటివి అలాగే పుడతాయి. నాలుగు ప్రశ్నలకు జవాబులు ముందు ఒక కాగితం మీద రాసుకుని, రెండు భాషల్లోనూ దాని నుంచే రాయండి.

పేరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. లక్ష్మి అని తెలుగులో ఒక్కటే. ఇంగ్లీషులో LAKSHMI, LAXMI, రెండూ రాస్తారు. ఆధార్‌లో ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి ఉంటే తర్వాత ఇబ్బంది. ఇంగ్లీషు కాగితంలో ఈ వరుస దగ్గర ‘విని రాయొద్దు, ఆధార్ చూసి ఒక్కో అక్షరం దించండి’ అని ఉండాలి. తెలుగు కాగితంలో అదే వరుస దగ్గర ‘ఆధార్ కార్డు చూపించండి’ అని ఉంటే చాలు. జోడీ అంటే ఇదే, ఇద్దరికీ ఒకే పని, ఎవరి వంతు వారికి.

టైమ్ దగ్గర పడింది, మిగతావి త్వరగా చెబుతాను. అక్షరాలు పెద్దవిగా, కనీసం 14 పాయింట్లు. వరుసల మధ్య ఎడం బాగా ఉంచండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగిలి రెండూ చెడతాయి. ఒక అక్షరానికి ఒక గడి పద్ధతి తెలుగుకు వద్దు, ‘క్ష్మి’ ఒక గడిలో పట్టదు. ఖాళీ గీత పెట్టండి. బొమ్మలు వేస్తే వస్తువుల బొమ్మలే వేయండి, ఆధార్ కార్డు, పాస్‌బుక్కు లాంటివి. డబ్బు సంచి బొమ్మ చూసి ‘డబ్బులు ఇస్తారా?’ అని అడిగారు, తీసేశాం.

చివరగా, అచ్చు వేసే ముందు కనీసం నలుగురైదుగురితో నింపించి చూడండి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగకండి, అందరూ మర్యాదకు అయిందనే అంటారు. ‘అక్కా, ఇక్కడ ఏం రాస్తావు?’ అని అడిగి ఊరుకోండి. పెన్ను గాల్లో ఆగిన చోట, కాగితం తిప్పి చూసిన చోట, ‘మీరే రాయండి’ అన్న చోట గుర్తు పెట్టుకోండి. ఇద్దరు ఒకే వరుసలో ఆగితే ఆ వరుస మళ్లీ రాయాలి. మా లెక్క కాగితంలో ‘పోయిన ఏడాది’ దగ్గర ముగ్గురు ఆగారు, కొందరికి ఏడాది ఉగాదితో మొదలవుతుంది, కొందరికి జనవరితో. ఇప్పుడు అక్కడ ‘పోయిన ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా’ అని పెడదామనుకుంటున్నాం. ఆఫీసును అడిగాం, జవాబు రాగానే మారుస్తాం.