పిన్ని నాలుగున్నర, ఆవిడ తొమ్మిది

నమస్కారమండి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి మాట్లాడుతున్నాను. మా పిన్నికీ, రాజమండ్రిలో ఉండే ఆవిడ కలం స్నేహితురాలికీ మధ్య నడిచిన ఈ-మెయిళ్లలో కొన్నింటిని, ఇద్దరి అనుమతితో, పేర్లు చెప్పకుండా ఈ వీడియోలో చదువుతాను. పదో తరగతి రోజుల్లో ఒక పత్రికలోని కలం స్నేహం శీర్షిక వీరిని కలిపింది. పిన్ని పెళ్లయి ఇక్కడికి వచ్చాక కూడా ఉత్తరాలు ఆగలేదు. ఇక్కడి నుంచి ఇండియాకు మామూలు ఉత్తరం వేయాలంటే ఖర్చు ఎక్కువ, 2025లో 1.25 యూరోలు, అంటే మన లెక్కలో నూరు రూపాయల పైనే అయ్యేది కనుక, చాలా ఏళ్లుగా ఈ-మెయిళ్లే రాసుకుంటున్నారు. 2025 జనవరిలో మాత్రం, ఆదివారాలు వీడియో కాల్‌లో కూడా మాట్లాడుకోవాలని అనుకున్నారు.

"మా నాలుగున్నరకు నేనే చేస్తాను. నీకు అప్పుడు రాత్రి తొమ్మిది, మీ అత్తగారి భోజనం కూడా అయిపోతుంది" అని పిన్ని రాసింది. మార్చి 23 వరకు ఏ ఇబ్బందీ రాలేదు.

మార్చి 30, ఆదివారం, ఉగాది. ఆ రాత్రి రాజమండ్రి నుంచి వచ్చిన మెయిల్ ఇది: "విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు. నేను అత్తయ్యగారికి అన్నం పెడుతున్నప్పుడు కాల్ చేశావు, ఆ వేళ ఫోను ముట్టుకోనని నీకు తెలుసు కదా. తర్వాత మన వేళకు నేనే చేస్తే నువ్వు ఎత్తలేదు. పండగ పూట కాసేపు మాట్లాడదామనుకున్నాను."

పిన్ని జవాబు: "నేను మన వేళకే చేశాను. నువ్వు చేసేసరికి మావారితో నడకకు వెళ్లిపోయాను. ఆదివారం అయిదింటికి వెళతామని నీకూ తెలుసు."

ఇద్దరూ నిజమే రాశారు. అయితే ఇద్దరూ "మన వేళ" అన్నారే తప్ప, అది ఎన్ని గంటలో అంకె వేసి రాయలేదు.

ప్రతి ఆదివారం ఇదే జరిగింది. జూన్ 22న స్నేహితురాలు ఇలా రాసింది: "నాకు తీరిక లేని వేళ చూసి మరీ కాల్ చేస్తున్నట్టుంది. చేశాననిపించుకోవడానికే అయితే అక్కరలేదు." పిన్ని ఆ మెయిల్ నాకు చూపించింది. ఈ ఊళ్లో ఆవిడ మనసు విప్పి తెలుగులో మాట్లాడటానికి నేను తప్ప మరొకరు లేరు. జవాబు రాయమని నేను ఎన్నిసార్లు చెప్పినా, వరలక్ష్మీ వ్రతం వెళ్లిన మర్నాడు గానీ రాయలేదు: "మీ ఇంట్లో వ్రతం చక్కగా జరిగిందని తలుస్తాను. మీకు తీరిక ఉండటం లేదు. ఇకమీదట ఆదివారాలు ఇబ్బంది పెట్టను."

"మంచిది. మీ వీలే మా వీలు." రాజమండ్రి జవాబు అంతే. ఆ తర్వాత దీపావళికి దీపాల బొమ్మ ఒకటి వచ్చింది, దాని కింద అక్షరం లేదు.

అక్టోబరు 26న నేను ఇక్కడి గడియారాల మీద ఒక చిన్న వీడియో పెట్టాను. మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు గడియారం మూడుకు దూకుతుంది. అక్టోబరు చివరి ఆదివారం మూడు నుంచి రెండుకు వెనక్కి వస్తుంది. ఫోన్లు తమంతట తామే మారిపోతాయి, మా వంటింట్లో ఓవెన్ గడియారం మాత్రం చేత్తో తిప్పుకోవాలి. ఇండియాకూ మాకూ చలికాలంలో నాలుగున్నర గంటల తేడా ఉంటే, మార్చి 30 నుంచి అది మూడున్నరే అయిందని ఆ వీడియోలో చెప్పాను.

అదే రాత్రి పిన్నికి మెయిల్ వచ్చింది: "అమ్మాయి వీడియో చూశాను. అయితే ఇన్నాళ్లూ నీ నాలుగున్నర నాకు ఎనిమిదా?"

పిన్ని, నేను కూర్చుని పాత మెయిళ్ల సాంకేతిక వివరాలు తెరిచాము. పిన్ని పంపిన మార్చి 23 నాటి మెయిల్‌లో తేదీ పక్కన `+0100` ఉంది, మార్చి 30 నాటి దానిలో `+0200` ఉంది. పంపినవారి గడియారం ప్రపంచ ప్రామాణిక సమయానికి ఎన్ని గంటలు ముందుందో ఆ అంకె చెబుతుంది. కానీ మెయిల్ తెరిచినప్పుడు పైకి కనిపించేది చదివేవారి ఊరి సమయమే. అందుకే గడియారం గంట ముందుకు జరిగిన సంగతి ప్రతి మెయిల్‌లోనూ వెళ్లింది, ఎవరి కంటా పడలేదు.

పిన్ని రాసింది: "ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఏటా రెండుసార్లు జరిగేదే కనుక నీకు చెప్పాలని తట్టలేదు. అయినా, అనిపించుకోవడానికే అన్న మాట నాకు గుచ్చుకుంది."

జవాబు గంటలోపే వచ్చింది: "గుచ్చుకోవాలనే రాశాను. ఉగాది పూట నువ్వు ఎత్తకపోతే నాకెలా ఉంటుందో నువ్వూ ఆలోచించలేదు. ఆ సంగతి ఆదివారం మాట్లాడుకుందాం. ఇకనుంచి లెక్క మా గడియారం మీదే పెట్టుకో, ఇది కదలదు. నాకు ఎప్పుడూ తొమ్మిది. నీకు ఇప్పుడు నాలుగున్నర, వచ్చే మార్చి 29 నుంచి అయిదున్నర. ఆ రోజు నుంచి మీవారిని నడకకు కాస్త ఆలస్యంగా బయలుదేరమను."