పేరా ఏ నెల దగ్గర ఆగిపోయింది?

నమస్కారం. విద్యార్థి ఇచ్చిన రాత అతను రాసిందా, చాట్‌జీపీటీ లాంటి భాషా నమూనా రాసిందా అని అందులోని పాతబడిన సంగతులను బట్టి ఎలా పసిగట్టవచ్చో చూద్దాం. తెర మీద ఉన్న పేరా చూడండి. ఈ వీడియో కోసం నేనే రాసుకున్న ఉదాహరణ ఇది. పైన తేదీ 2025 జనవరి అని ఉంది.

“హైదరాబాద్‌లో ఆన్‌లైన్ మోసాలు పెరుగుతున్నాయి. వీటిని అరికట్టాలని ముఖ్యమంత్రి కేసీఆర్ అధికారులను ఆదేశించారు. మోసానికి ఐపీసీ 420 కింద కేసు పెడతారు. దీని స్థానంలో భారతీయ న్యాయ సంహిత బిల్లును కేంద్రం ఇటీవల లోక్‌సభలో ప్రవేశపెట్టింది.”

ముందుగా 420 సంగతి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. మోసం ఇప్పుడు 318వ సెక్షన్‌లో ఉంది. అయినా ఈ తప్పును నేను పెద్దగా పట్టించుకోను. తరతరాలుగా నోట నానిన అంకె కదా, ఎవరైనా అలవాటుగా రాసేస్తారు. పైగా ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీయే వర్తిస్తుంది.

నన్ను ఆపింది చివరి వాక్యం. ఆ బిల్లు మొదట సభకు వచ్చింది 2023 ఆగస్టు 11న. డిసెంబరులో దాన్ని వెనక్కి తీసుకుని, మార్పులతో మళ్లీ పెట్టి, అదే నెలలో ఆమోదించారు. అంటే రాసినవారికి ఆగస్టు సంగతి తెలుసు, డిసెంబరు సంగతి తెలియదు. ఇక ముఖ్యమంత్రి పేరు చూడండి. రేవంత్ రెడ్డి ప్రమాణం చేసింది 2023 డిసెంబరు 7న. రెండూ కలిపితే ఈ పేరాకు తెలిసిన లోకం 2023 ఆగస్టుకూ డిసెంబరు మొదటి వారానికీ మధ్య ఆగిపోయింది.

నేను వెతికేది సరిగ్గా ఇదే. మనిషి మరచిపోతే ఒక విషయం 2014 నాటిది, మరొకటి నిన్నటిది, ఇలా చెల్లాచెదురుగా ఉంటాయి. హైదరాబాద్ గురించి రాసే మనిషికి చట్టం మారిన సంగతి తెలియకపోవచ్చు, ముఖ్యమంత్రి మారిన సంగతి తెలియకుండా ఉండదు. భాషా నమూనా మాత్రం ఒక తేదీ వరకు ఉన్న రాతలతో నేర్చుకుంటుంది కాబట్టి, చట్టమైనా రాజకీయమైనా అక్కడే ఆగుతుంది. ఆ చివరి నెలల గురించి అప్పటికి లోకంలో రాతలు తక్కువగా ఉంటాయి. అందుకే తయారీదారు ప్రకటించిన తేదీ కన్నా నమూనా ఇంకాస్త వెనకబడి కనిపించవచ్చు. “ఇటీవల”, “ప్రస్తుతం” అనే మాటల కింద గీత గీసి, ఒక్కోదాని పక్కన అసలు తేదీ రాసుకోండి. తేదీలు ఒకే చోట గుమిగూడాయో లేదో అప్పుడు కంటికే తెలుస్తుంది.

ఒక్క చోట మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. 2023 అక్టోబరు నాటి పత్రికా వ్యాసాన్ని ఎవరైనా ఎత్తి రాసినా అచ్చం ఇలాగే ఉంటుంది. అది కాపీ కావచ్చు గానీ యంత్రం రాసింది కాదు. ఇంటర్నెట్‌లో వెతికి రాసే నమూనాల్లో ఈ జాడ దొరకకపోవచ్చు కూడా. అందుకే విద్యార్థి మీద నింద వేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: “బిల్లు గురించిన ఈ వాక్యం ఎక్కడ చదివావు, బాబూ?” పాత వ్యాసం చూసి రాసి ఉంటే, దాన్ని తెచ్చి చూపించగలడు.