పడవలు లెక్కపెట్టిన పాప

అందరికీ నమస్కారం. నెల్లూరులో లఘుచిత్రాలు తీసే మిత్రులు పిల్లలతో షూటింగ్ గురించి మాట్లాడమన్నారు. మైపాడు ఒడ్డున మేము గడిపిన ఒక్క రోజు గురించి చెబుతాను.

ఎనిమిదేళ్ల పాప, మూడో తరగతి. కథలో తండ్రి వేటకు వెళ్లాడు, పడవ తిరిగి రాలేదు. పాప ఒడ్డున నిలబడి ఏడవాలి.

ముందు కాగితాల పని. పద్నాలుగేళ్లలోపు పిల్లలు చదువు దెబ్బతినకుండా నటించడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం, షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి ముందే తీసుకోవాలి. పిల్లల జాబితా, తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల భద్రత చూసే మనిషి పేరు, ‘సి’ నమూనాలో హామీపత్రం ఇవ్వాలి. ఆ హామీ ఆరు నెలలే చెల్లుతుంది. మాది చిన్న సినిమా కదా అంటే కుదరదు, అక్కడ బడ్జెట్ ప్రస్తావనే లేదు. ఇంకొక దృశ్యం ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో తీయాలనుకున్నాం. అది ప్రకాశం జిల్లా కాబట్టి అక్కడ మరో అనుమతి కావాలి. ఆ దృశ్యాన్ని కూడా మైపాడుకే మార్చుకున్నాం. పాప పారితోషికంలో కనీసం 20 శాతం ఆమె పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలి. పదివేలు ఇస్తే రెండువేలు అన్నమాట.

సంతకం పెట్టించే ముందు పాప తల్లికి దృశ్యమంతా చదివి వినిపించాను. ‘నీళ్లలోకి దిగాలా?’ అని అడిగింది. మడమలు తడిసేంత వరకేనని సమ్మతి పత్రంలో రాశాం. ఆమె అడగకపోతే అది నాకు తోచేది కాదు.

ఇక సమయం. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. చాలామంది కెమెరా తిరిగిన సమయమే లెక్కవేస్తారు. నేను దుస్తులు మార్చిన క్షణం నుంచి లెక్కవేస్తాను. ఎందుకంటే పిల్లలు అలిసిపోయేది నటించి కాదు, కాచుకుని.

ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం మూడున్నర నుంచి అయిదున్నర వరకు తీశాం. మొత్తం నాలుగు గంటలు. మిగిలిన గంట పొరపాట్ల కోసం దాచుకున్నాం. లైటు, ఫోకస్ సరిచూసుకోవడానికి పాపను నిలబెట్టలేదు. ఆమె ఎత్తుకు కోసిన వెదురు కర్రకు రంగు గుడ్డ కట్టి ఇసుకలో పాతాం. పాప దగ్గరి షాట్లు ముందు తీసేశాం. ఎదుటి నటుడి షాట్లు ఆమె వెళ్లాక తీసుకున్నాం. అతడు చూడవలసిన చోట ఆ కర్రే ఉంది.

ఆదివారం ఎంచుకున్నాం కాబట్టి బడి పోలేదు. అయినా సోమవారం ఎక్కాల పరీక్ష ఉందని టీచరు చెప్పారు. మధ్యాహ్నం ఊళ్లో ఒక ఇంట్లో అన్నం, నిద్ర, తరువాత ఏడో ఎక్కం. పెద్ద సినిమాలకైతే మరో హద్దు ఉంది: వరుసగా 27 రోజులకు మించి పిల్లలు పనిచేయకూడదు.

ఇప్పుడు ఏడుపు సంగతి. నా మొదటి సినిమాలో ఒక బాబుతో ‘మీ అమ్మ నిన్ను వదిలేసి ఊరెళ్లిపోయింది’ అని అబద్ధం చెప్పాను. బ్రహ్మాండంగా ఏడ్చాడు. ఆ షాటు దొరికింది గానీ, ఆ తరువాత రెండు రోజులూ వాడు నా దగ్గరకు రాలేదు. ప్రతి టేకుకూ ముందు తల్లి ఎక్కడుందో వెతుక్కునేవాడు. తెరమీద ఆ వెతుకులాట ఇప్పటికీ కనిపిస్తుంది.

ఈ పాపను ఏడవమని అడగలేదు. ‘దూరంగా పడవలు ఎన్ని ఉన్నాయో మనసులో లెక్కపెట్టు. నాన్న పడవ ఉందేమో చూడు. లేకపోతే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టు’ అన్నాను. మూడోసారి లెక్కలో పెదవులు కదలడం ఆగిపోయింది. అదే నాకు కావలసింది. వెనుకనుంచి భుజాలు, తడి ఇసుకలో పాదాలు విడిగా తీసి, ఎడిటింగ్‌లో కలిపాం. కన్నీటి చుక్క లేదు.

ఇబ్బందిగా ఉంటే చెవి పట్టుకోమని ముందే చెప్పి ఉంచాం. పాప అవ్వను కెమెరా వెనుక కాకుండా, పాపకు కనిపించే పక్కన కూర్చోబెట్టాం. సాయంత్రం పాప ఒకసారి చెవి పట్టుకుంది. ‘ఇంకొక్కసారి చెయ్యమ్మా, సారు అడుగుతున్నారు కదా’ అని అవ్వే బతిమాలింది. ఇలాంటప్పుడే ఆ భద్రత చూసే మనిషి అవసరం. అయిదుగురు పిల్లల వరకు ఒకరుండాలని నిబంధన. ఆపమనే అధికారం కూడా వారికి ఇవ్వాలంటాను నేను. మా దగ్గర ఆ పని చూసిన అమ్మాయి నన్నడగకుండానే షూటింగ్ ఆపేసింది.

పాపకు కాళ్లలో ఇసుక గుచ్చుకుంటోందట. చెప్పులు ఇచ్చి, ఆ షాట్‌ను నడుము పైనుంచి తీశాం.