ఆటలో గోల్డ్ ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పోతుంది?

[తెర మీద: రూన్ ప్లేట్‌బాడీ అనే కవచం. మంత్రం వేయగానే కవచం మాయమై, బ్యాగులో 39,000 కాయిన్స్ చేరతాయి.]

ఇప్పుడు మీరు చూసింది ఆన్‌లైన్ గేమ్ ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో హై ఆల్కెమీ అనే మంత్రం. రాక్షసుణ్ణి చంపితే కవచం దొరికింది. దాని మీద మంత్రం వేస్తే కవచం పోయి 39,000 కాయిన్స్ వచ్చాయి. అవి ఇంకో ప్లేయర్ ఇచ్చినవి కావు. గేమ్ సర్వరే అప్పటికప్పుడు వాటిని పుట్టించింది. ఈ రోజు మనం మాట్లాడుకునే విషయమంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ధరలు పెరిగితే చాలామంది ప్లేయర్లు వ్యాపారుల్ని తిడతారు. తక్కువకు కొని ఎక్కువకు అమ్మేవాళ్ల వల్లే ఇదంతా అంటారు. కానీ ఇద్దరు ప్లేయర్ల మధ్య జరిగే అమ్మకంలో ఒక్క కాయిన్ కూడా కొత్తగా పుట్టదు. ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి చేరుతుంది, అంతే. కొత్త కాయిన్స్ పుట్టే చోట్లు వేరు: రాక్షసులు నేరుగా పడేసే కాయిన్స్, ఇప్పుడు చూసిన ఆల్కెమీ, గేమ్‌లోని షాపులకు సరుకు అమ్మడం. డిజైనర్లు వీటిని ఫాసెట్లు అంటారు. కాయిన్స్ శాశ్వతంగా మాయమయ్యే చోట్లను సింకులు అంటారు. రోజూ పుట్టేదానికంటే పోయేది తక్కువైతే, అదే సరుకు కోసం ఎక్కువ కాయిన్స్ పోటీ పడతాయి. మనిషి బదులు తామే ఆడే ప్రోగ్రాములు, అంటే బాట్లు, ఈ తేడాను ఇంకా పెంచుతాయి. అవి నిద్ర లేకుండా ఫాసెట్ల దగ్గరే కూర్చుంటాయి మరి.

[తెర మీద: రెండు గీతలు. ఒకటి అడ్డంగా, కదలకుండా. రెండోది పైకి.]

అయితే ఇన్‌ఫ్లేషన్ అన్ని ధరల్లోనూ ఒకేలా కనిపించదు. రూన్ ప్లేట్‌బాడీనే తీసుకోండి. మార్కెట్లో దాని ధర 39,000కి బాగా దిగువకు పడితే, ఎవరో ఒకరు కొని ఆల్కెమీ చేసేస్తారు. మంత్రానికి వాడే రూన్ల ఖర్చు పోను ఇంకా లాభమే. అందుకే ఆ ధర ఆ గీత దగ్గరే ఆగుతుంది. ఆ 39,000 అనే అంకె కోడ్‌లో ఉంది, మార్కెట్ ఏమైనా అది మారదు. కాయిన్స్ ఎక్కువైన కొద్దీ, కోడ్‌లో ధర రాసి లేని వస్తువులు పైకి పోతాయి. ఈ రెండు గీతల మధ్య దూరం పెరుగుతోందా లేదా అన్నది చూడాలి. ఒక్క కత్తి ధర పెరిగితే అది గిరాకీ కావచ్చు. కోడ్‌తో ముడిపడిన సరుకులు కదలకుండా, మిగతావన్నీ కలిసి పైకి పోతుంటే అనుమానించాల్సింది కాయిన్‌నే.

సింకులకూ ఇదే జబ్బు ఉంది. ఉదాహరణకు, మహాగని దుంగను పలకగా కోయించుకోవాలంటే సామిల్‌లో 1,500 కాయిన్స్ కట్టాలి. ఇల్లు కట్టుకునే ప్లేయర్లు ఇలా వేల పలకలు కోయిస్తారు, ఆ కాయిన్స్ అక్కడితో పోతాయి. మంచి సింకే. కానీ ఆ 1,500 కూడా కోడ్‌లో రాసిన అంకే. అందరి దగ్గరా కాయిన్స్ రెట్టింపైతే ఆ ఖర్చు బరువు సగమైపోతుంది. అంటే ఇన్‌ఫ్లేషన్ ముదిరిన కొద్దీ, దాన్ని ఆపాల్సిన సింకు బలహీనపడుతుంది. పాత గేముల్లో చాలా రిపేరు ఫీజులు, ప్రయాణం ఫీజులు ఇలాగే అర్థం లేనివైపోయాయి. కొత్త ప్లేయర్‌కి భారం, పాత ప్లేయర్‌కి లెక్కలోకే రాని చిల్లర.

అందుకే ఈ గేమ్ తయారుచేసే జాగెక్స్ సంస్థ 2021 డిసెంబరులో చేసిన పని నాకు చాలా తెలివైనదిగా కనిపిస్తుంది. ప్లేయర్లు సరుకు అమ్ముకునే గ్రాండ్ ఎక్స్చేంజ్‌లో దాదాపు ప్రతి అమ్మకం మీద 1 శాతం పన్ను పెట్టింది. అమ్మినవాడికి వచ్చే కాయిన్స్‌లోంచి కోత పడుతుంది. ఇది శాతం కాబట్టి ధరలు పెరిగితే సింకు కూడా దానంతటదే పెరుగుతుంది. 2025 మేలో దాన్ని 2 శాతం చేశారు. 50 కాయిన్స్ లోపు చిన్న సరుకుకు పన్ను పడదు, కాబట్టి కొత్తగా చేరినవాళ్ల చిల్లర వ్యాపారం చెక్కుచెదరలేదు.

[తెర మీద: 10 కోట్ల కాయిన్స్ కత్తి. 9 కోట్ల 80 లక్షలు అమ్మినవాడికి, 20 లక్షలు పక్కకు.]

ఈ పక్కకు వెళ్లిన 20 లక్షల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ గేమ్‌లో చాలా కత్తులు, విల్లులు అరిగిపోవు. పెద్ద రాక్షసుణ్ణి, అంటే బాస్‌ని చంపిన ప్రతిసారీ కొత్తవి దొరికే అవకాశం ఉంటుంది, పాతవి మాత్రం పోవు. ఏళ్లు గడిచేసరికి ఆయుధాలు కుప్పలుగా పేరుకుని వాటి ధర పడిపోతుంది. కష్టపడి బాస్‌ని కొట్టినా గిట్టుబాటు కాదు. అంటే ఒకే మార్కెట్లో కాయిన్స్ ఎక్కువై ఒక సమస్య, ఆయుధాలు ఎక్కువై ఇంకో సమస్య.

జాగెక్స్ ఆ పన్నులో కొంత భాగంతో ఎంపిక చేసిన ఐటెమ్స్‌ను గ్రాండ్ ఎక్స్చేంజ్‌లోనే కొని డిలీట్ చేస్తుంది. దీన్ని ఐటెమ్ సింక్ అంటారు. ఆయుధాల కుప్ప తగ్గుతుంది, ధర నిలబడుతుంది. కానీ గమనించండి: ఆ కొనుగోలుకు పెట్టిన కాయిన్స్ ఆ ఆయుధం అమ్మిన ప్లేయర్ చేతికి తిరిగి వెళ్లాయి. మన 20 లక్షల్ని పూర్తిగా డిలీట్ చేస్తే కాయిన్స్ తగ్గుతాయి, ఆయుధాలు అలాగే ఉంటాయి. పూర్తిగా కొనుగోలుకు పెడితే ఆయుధాలు తగ్గుతాయి, కాయిన్స్ మళ్లీ మార్కెట్లోకే వస్తాయి. అవే కాయిన్స్ రెండు పనులూ చేయలేవు. ఎంత దేనికి అన్నది ప్రతిసారీ డిజైనర్లు తేల్చుకోవాల్సిందే.

వ్యాపారుల మీద దెబ్బ ఎలా పడుతుందో చూద్దాం. 10 లక్షలకు కొన్న వస్తువును 10 లక్షల 15 వేలకు అమ్మితే ఒకప్పుడు లాభం. 2 శాతం పన్ను పోతే చేతికి వచ్చేది 9 లక్షల 94 వేల 700. నష్టం. అసలు రాబట్టుకోవాలన్నా 10 లక్షల 20 వేలు దాటాలి. కాబట్టి సన్నటి లాభాలతో తిప్పేవాళ్లు తప్పుకుంటారు. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎడం పెరుగుతుంది. సామాన్య ప్లేయర్ వస్తువు అమ్ముడుపోవడానికి ఇంకాస్త ఎక్కువసేపు ఆగాల్సి రావచ్చు. ఇన్‌ఫ్లేషన్ తగ్గించడానికి ఇది న్యాయమైన ఖర్చే అని నా అభిప్రాయం.

కొన్ని గేములు అసలు ఈ గొడవే లేకుండా వేరే దారి పట్టాయి. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో ప్లేయర్లు ఒకరితో ఒకరు ఆర్బ్‌లు అనే వస్తువులనే డబ్బుగా వాడి బేరమాడతారు. ఆ ఆర్బ్ ఆయుధాన్ని మార్చడానికి కూడా పనికొస్తుంది, వాడితే పోతుంది. డబ్బే ఖర్చయిపోయే సరుకు కాబట్టి ప్రత్యేకంగా సింకు కట్టాల్సిన పని తక్కువ. పైగా కొన్ని నెలలకోసారి కొత్త లీగ్ మొదలై, అందులో అందరూ సున్నా నుంచి ఆడతారు. పదేళ్ల కష్టం ఒకే అకౌంట్‌లో దాచుకునే రూన్‌స్కేప్ ప్లేయర్లు అలాంటి రీసెట్‌కి ఒప్పుకోరు.

[తెర మీద: 100 కోట్లు × 2% = 2 కోట్లు. దాని మీద గీత కొట్టి: 50 లక్షలు.]

పన్నుకు ఒక గరిష్ఠ పరిమితి ఉంది: ఒక్క ఐటెమ్‌కు 50 లక్షల కాయిన్స్. ఇది 25 కోట్ల ధర దగ్గరే వచ్చేస్తుంది. ఆ పైన ధర ఎంత పెరిగినా పన్ను పెరగదు. 100 కోట్లకు అమ్మిన విల్లు మీద పడేది అర శాతమే, 10 కోట్ల కత్తి మీద పడేది 2 శాతం. అంటే అత్యంత ధనిక ప్లేయర్ల చేతులు మారే వస్తువుల దగ్గర ఈ సింకు మళ్లీ పాత సామిల్ ఫీజులాగే స్థిరమైన అంకెగా మారిపోతుంది. పరిమితి తీసేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఈ గేమ్‌లో ఇద్దరు ప్లేయర్లు ఎదురెదురుగా నిలబడి నేరుగా మార్చుకోవచ్చు, దానికి పన్ను లేదు. 50 లక్షలు మిగులుతాయంటే గ్రాండ్ ఎక్స్చేంజ్ సౌకర్యం కోసం చాలామంది వదులుకుంటారు. 2 కోట్లు మిగులుతాయంటే మాత్రం ఓపిగ్గా వెతికి, నేరుగా కొనేవాణ్ణి పట్టుకుంటారు. అప్పుడు ఆ అమ్మకం మీద గేమ్‌కి ఒక్క కాయిన్ కూడా రాదు.